రెట్రోలో ఒప్పుకున్న పని ఎవరిది?

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలున్న ఇళ్లలో 'స్టాండప్', 'స్ప్రింట్' అన్న మాటలతో పాటు 'రెట్రో' అన్న మాట కూడా వినబడుతూ ఉంటుంది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో "అమ్మా, రెట్రో ఉంది, గంటసేపు పిలవకు" అని తలుపు వేసుకుంటారు. స్ప్రింట్ అంటే చాలాచోట్ల రెండు వారాల పని. అది ముగిశాక బృందమంతా కూర్చుని ఏది బాగా సాగింది, ఎక్కడ చిక్కులొచ్చాయి, వచ్చే విడతలో ఏం మార్చుకోవాలి అని మాట్లాడుకునే సమావేశమే రెట్రో. పూర్తి పేరు రెట్రాస్పెక్టివ్.

ఆ గంటలో జనం మనసు విప్పే మాట్లాడతారు. టెస్ట్ సర్వర్ పదేపదే ఆగిపోతోందని ఒకరంటారు. క్లయింటు అడిగిన మార్పులు గురువారం సాయంత్రం దాకా చేతికి రావడం లేదని ఇంకొకరంటారు. రాసిన కోడ్‌ను చూసి సరే అనేవాళ్ల కోసం మూడేసి రోజులు ఎదురుచూస్తున్నామని మరొకరు చెబుతారు. తెర మీది బోర్డు రంగురంగుల చీటీలతో నిండిపోతుంది. చివరి పది నిమిషాల్లో 'యాక్షన్ ఐటెమ్స్' అన్న శీర్షిక కింద ఆరో ఏడో వాక్యాలు పడతాయి. సోమవారం కొత్త స్ప్రింట్ మొదలవుతుంది. రెండు వారాలు తిరిగి మళ్లీ రెట్రో వచ్చేసరికి కొత్త బోర్డు తెరుస్తారు. పాత బోర్డు లింకు ఎవరి దగ్గరుందో వెతికితే గాని దొరకదు. కొత్త బోర్డు మీద పడే మొదటి చీటీ, టెస్ట్ సర్వర్ ఆగిపోతోందనే.

దీనికి బద్ధకమే కారణమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అదే బృందం ఆ రెండు వారాల్లోనే క్లయింటు అడిగిన ఇరవై పనులు పూర్తి చేసి ఉంటుంది. ఆ ఇరవై పనులూ జిరా లాంటి టికెట్ల వ్యవస్థలో ఉన్నాయి. ప్రతి టికెట్‌కూ ఒక నంబరు, ఒక మనిషి పేరు, ఒక గడువు ఉన్నాయి. రోజూ పొద్దున జరిగే స్టాండప్‌లో అందరూ చూసేది ఆ టికెట్లనే. రెట్రోలో పుట్టిన పనులు మాత్రం వేరే బోర్డు మీద, లేదా సమావేశం నోట్సులో, లేదా చాట్‌లో ఎవరో పెట్టిన ఫొటోలో ఉండిపోయాయి. పొద్దున్నే కంప్యూటర్ తెరిచిన మనిషికి అవి కనబడే దారి లేదు. కనబడని పనిని గుర్తుపెట్టుకుని, కనబడే పనిని పక్కన పెట్టి మరీ చేయడం ఎంత మంచి ఉద్యోగికైనా కష్టమే.

ఈ ఇబ్బంది సంగతి రెట్రో పద్ధతిని ప్రచారం చేసినవాళ్లకూ తెలుసు. నార్మన్ కెర్త్ 2001లో ప్రాజెక్టుల రెట్రాస్పెక్టివ్ మీద పుస్తకం రాశారు. అదే ఏడాది వచ్చిన ఎజైల్ ప్రకటనలోని పన్నెండు సూత్రాల్లో చివరిది, బృందం క్రమం తప్పకుండా ఆగి తన పనితీరును చూసుకుని సరిదిద్దుకోవాలని చెబుతుంది. ఎజైల్ పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది స్క్రమ్. దాని నియమాలను కెన్ ష్వాబర్, జెఫ్ సదర్లాండ్ 'స్క్రమ్ గైడ్' పేరిట రాసి, కొన్నేళ్లకోసారి సవరిస్తుంటారు. 2017 కూర్పులో వాళ్లు ఒక కచ్చితమైన నియమం చేర్చారు. కిందటి రెట్రోలో తేలిన ముఖ్యమైన మెరుగుదల కనీసం ఒకటైనా వచ్చే స్ప్రింట్ పనుల జాబితాలో ఉండి తీరాలన్నది ఆ నియమం. మామూలు పనులున్న చోటికే రెట్రో పనినీ తెచ్చి కూర్చోబెట్టడమన్నమాట. 2020 కూర్పులో ఆ పట్టు సడలింది. ముఖ్యమైన మెరుగుదలలను వీలైనంత త్వరగా చేపట్టాలి, కావాలంటే స్ప్రింట్ జాబితాలో చేర్చుకోవచ్చు అన్నంత వరకే మిగిలింది. గైడ్‌ను తేలిక చేయడానికి చేసిన సవరణల్లో ఇదీ ఒకటి కావచ్చు. కానీ రెట్రో పనులు గల్లంతయ్యే బృందాలకు పాత నియమమే ఎక్కువ మేలు చేస్తుంది.

పేరు లేని పని ఎంత దూరం తీసుకెళ్తుందో చూపించే ఉదంతం ఒకటుంది. అది గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగింది. ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకుని, నలుగురూ కలిసి పనిచేసుకునే వెబ్‌సైట్ దాన్ని నడిపే సంస్థ అది. 2017 జనవరి 31 రాత్రి దాని డేటాబేస్ మీద భారం విపరీతంగా పెరిగింది. అక్కడ రెండు డేటాబేస్ సర్వర్లుండేవి. ఒకటి అసలుది, రెండోది దాని ప్రతిని ఎప్పటికప్పుడు తెచ్చుకునే తోడు సర్వర్. భారం వల్ల రెండోది వెనకబడిపోయి, ప్రతి అందుకోవడం ఆగిపోయింది. దాన్ని మళ్లీ మొదటినుంచి నింపాలంటే ముందు అందులోని పాత డేటా ఫోల్డర్‌ను ఖాళీ చేయాలి. అప్పటికే చాలా పొద్దుపోయింది. పనిలో ఉన్న ఇంజనీరు తోడు సర్వర్‌లో ఉన్నాననుకుని తుడిచివేత కమాండ్ ఇచ్చారు. నిజానికి ఆయన ఉన్నది అసలు సర్వర్‌లో. ఒకటి రెండు సెకన్లలోనే పొరపాటు గ్రహించి ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీ డేటా పోయింది.

ఇలాంటి రోజు కోసమే బ్యాకప్‌లు ఉంటాయి. గిట్‌ల్యాబ్‌కూ ఉన్నాయి, ఒకటి కాదు, కొన్ని రకాలుగా. రోజుకోసారి `pg_dump` అనే ప్రోగ్రాం డేటాబేస్ మొత్తాన్ని ఫైలుగా తీసి అమెజాన్ నిల్వకు పంపాలి. అక్కడికెళ్లి చూస్తే ఏమీ లేదు. డేటాబేస్ వెర్షన్ 9.6 కాగా, బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2 వెర్షన్‌లో నడుస్తోంది. వెర్షన్లు కుదరక అది ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైనప్పుడు ఈమెయిల్ వచ్చే ఏర్పాటు కూడా ఉంది. కానీ ఆ మెయిళ్లకు ఉండాల్సిన ధ్రువీకరణ లేకపోవడంతో అవతలి సర్వర్ వాటిని తిరగ్గొడుతోంది. కాబట్టి బ్యాకప్ ఆగిపోయిందన్న సంగతి ఎవరికీ చేరలేదు. డిస్కులకు స్నాప్‌షాట్లు తీసే సౌకర్యం అజూర్ క్లౌడ్‌లో ఉన్నా, డేటాబేస్ సర్వర్లకు దాన్ని వాడలేదు.

చివరికి సంస్థను గట్టెక్కించింది ఒక కాకతాళీయం. ఆ రోజు సాయంత్రం అదే ఇంజనీరు వేరే పని కోసం చేత్తో ఒక స్నాప్‌షాట్ తీసి టెస్ట్ సర్వర్‌లో పెట్టారు. ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందరి డేటా అది. టెస్ట్ సర్వర్ డిస్కులు నెమ్మదివి కావడంతో వెనక్కి కాపీ చేయడానికే దాదాపు 18 గంటలు పట్టింది. కోడ్ రిపాజిటరీలు పోలేదు గానీ, ఆ ఆరు గంటల్లో డేటాబేస్‌లో చేరిన సమాచారం పోయింది. సంస్థ సొంత అంచనా ప్రకారం సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల వివరాలు గల్లంతయ్యాయి. పునరుద్ధరణ పనిని ఆ సంస్థ యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఫిబ్రవరి 10న పూర్తి నివేదికను బయటపెట్టింది. ఇలాంటి నివేదికను ఆ రంగంలో పోస్ట్‌మార్టమ్ అంటారు. ప్రమాదం తర్వాత పెట్టుకునే రెట్రో అనుకోవచ్చు.

ఆ నివేదికలో ఇంజనీర్లు 'ఎందుకు' అన్న ప్రశ్నను వరసగా వేసుకుంటూ పోయారు. బ్యాకప్ ఎందుకు పనికిరాలేదు? ఆగిపోయింది కాబట్టి. ఆగిపోయినట్టు ఎందుకు తెలియలేదు? మెయిళ్లు చేరలేదు కాబట్టి. బ్యాకప్ నుంచి డేటా నిజంగా వెనక్కి వస్తోందో లేదో అప్పుడప్పుడైనా ఎందుకు పరీక్షించలేదు? ఈ చివరి ప్రశ్న దగ్గర వాళ్లు ఆగి నిజాయితీగా రాసుకున్న జవాబు, ఆ పనికి ఓనర్ లేడు కాబట్టి పరీక్షించే బాధ్యత ఎవరిదీ కాలేదని. బ్యాకప్ ముఖ్యమని తెలియని ఇంజనీరు అక్కడ ఒక్కరూ ఉండి ఉండరు. అందరికీ ముఖ్యమైన పని ఏ ఒక్కరి పేరు మీదా లేదు.

ఆ తర్వాత వాళ్లు చేసిన పద్ధతిని ఏ బృందమైనా గమనించదగ్గది. దిద్దుబాటు పనులన్నిటినీ నివేదిక చివర వరసగా పెట్టి ఊరుకోలేదు. ఒక్కోదానికీ తమ రోజువారీ పనుల ట్రాకర్‌లోనే ఒక్కో టికెట్ తెరిచి, నివేదికలో ఆ టికెట్ నంబరుకు లింకు ఇచ్చారు. ఆ టికెట్లు బయటివాళ్లకూ కనబడేవి. ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. 'ఇకమీదట జాగ్రత్తగా ఉండాలి' అన్న వాక్యం ఆ జాబితాలో ఎక్కడా లేదు. దాని బదులు, ఏ సర్వర్‌లో ఉన్నామో కమాండ్ లైన్‌లోనే తేడాగా కనబడేలా అన్ని సర్వర్లలో `PS1` మార్చాలని ఉంది. `PS1` అంటే కమాండ్ టైపు చేసే చోట ముందుగా కనబడే పేరును నిర్ణయించే సెట్టింగు. అర్ధరాత్రి అలసిపోయిన మనిషికి అసలు సర్వర్ ఏదో, తోడు సర్వర్ ఏదో కళ్లముందే తేడా తెలియాలన్నది దాని ఉద్దేశం. బ్యాకప్‌ల మీద నిఘా పెట్టాలని ఒక టికెట్, బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తెచ్చే పరీక్షను యంత్రమే చేసేలా చూడాలని మరో టికెట్ తెరిచారు. డేటా పదిలంగా ఉండే బాధ్యతకు ఒక ఓనర్‌ను నియమించాలన్నది కూడా ఆ జాబితాలో ఒక టికెట్టే.

గూగుల్‌లో కూడా ఇదే పద్ధతి. వాళ్ల సైట్ రిలయబిలిటీ విభాగం 2016లో అచ్చువేసిన పుస్తకంలో నమూనా పోస్ట్‌మార్టమ్ ఒకటి ఉంది. అందులో దిద్దుబాటు పనుల పట్టికకు నాలుగు గళ్లున్నాయి: పని, దాని రకం, ఓనర్, బగ్ నంబరు. వినియోగదారులకు ఇబ్బంది కలిగించిన ప్రతి అంతరాయం తర్వాతా రాసే పోస్ట్‌మార్టమ్‌కు, అగ్ర ప్రాధాన్యం ఉన్న టికెట్ కనీసం ఒకటైనా జతపడాలని ఆ విభాగం పెట్టుకున్న నియమం.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు భయం కొద్దీ పనులు కదులుతాయి. మామూలు రెట్రోలో ఆ భయం ఉండదు. అందుకే అక్కడ పనిని రాసుకునే తీరే తేడా తెస్తుంది. ఒక ఊహాచిత్రం తీసుకుందాం. ఆన్‌లైన్ దుకాణం యాప్ చేసే పదిమంది బృందం, రెండు వారాల స్ప్రింట్. రెట్రో చివర బోర్డు మీద 'టెస్టింగ్ మెరుగుపరచాలి' అని పడింది. అందరూ తలూపారు. ఈ వాక్యాన్ని ఇలాగే టికెట్‌గా మారిస్తే ఉపయోగం లేదు. ఎవరు తెరిచినా దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పుడు ముగిసినట్టో తెలియదు.

ముందు అడగాల్సింది, ఈ మాట ఏ సంఘటన వల్ల వచ్చిందని. అడిగితే తెలుస్తుంది, కొన్న సరుకు వాపసు పంపే చోట రెండు తప్పులు టెస్టింగ్ దాటి నేరుగా కొనుగోలుదారుల దాకా వెళ్లాయని. అవి టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు? టెస్ట్ సర్వర్‌లో ఉన్న డేటా చాలా పాతది. సరుకులో సగం మాత్రమే వాపసు పంపే సౌకర్యం వచ్చాక పెట్టిన ఆర్డరు అందులో ఒక్కటీ లేదు. అంటే టెస్టర్లు సరిగా చూడలేదని కాదు, చూడటానికి తగిన డేటా వాళ్ల దగ్గర లేదు. ఇక్కడిదాకా వచ్చాక పని దానంతటదే చిన్నదవుతుంది: కిందటి నెల ఆర్డర్ల డేటాను, కొన్నవాళ్ల పేర్లూ ఫోన్ నంబర్లూ చెరిపేసి, టెస్ట్ సర్వర్‌కు తేవాలి.

ఇప్పుడు టికెట్‌లో ఆ వాక్యం కింద ఇంకో వాక్యం ఉండాలి, పని అయిందని ఎలా తెలుస్తుందో చెప్పేది. 'టెస్టర్ టెస్ట్ సర్వర్‌లో సగం సరుకు వాపసు పంపే ఆర్డరును మొదటినుంచి చివరిదాకా నడిపి చూడగలగాలి' అని రాయొచ్చు. ఈ వాక్యం వల్ల పని చేసినవాళ్లు కాకుండా వేరొకరు అయిందో లేదో చెప్పగలుగుతారు. రెట్రో పనుల్లో ఈ రెండో వాక్యమే ఎక్కువగా కొరవడుతుంది. అది లేకపోతే 'అయినట్టే' అన్న స్థితిలో పని నెలల తరబడి నలుగుతుంది.

ఓనర్ గడిలో ఒకే పేరు ఉండాలి. 'బ్యాకెండ్ టీమ్' అనీ, 'అందరూ' అనీ రాయకూడదు. ఇద్దరి పేర్లు రాసినా ఒకరు రెండోవాళ్లు చూస్తున్నారని అనుకుంటారు. ఓనర్ అంటే ఆ పని మొత్తం తన చేతులతోనే చేయాల్సిన మనిషి కానక్కర్లేదు. డేటాబేస్ చూసేవాళ్లను అడగడం, పేర్లు చెరిపే స్క్రిప్టు రాయించడం, టెస్టర్‌తో సరిచూపించడం, ఆగిపోతే ఎందుకు ఆగిందో పదిమందికీ చెప్పడం వాళ్ల బాధ్యత. ఆ పేరు సమావేశంలో ఉన్న మనిషిదే అయి ఉండాలి. వాళ్లు తమ నోటితో 'నేను చూసుకుంటా' అనాలి. సెలవులో ఉన్నవాళ్ల మీద పని వేయడం చాలా బృందాల్లో కనబడే అలవాటు. వాళ్లు తిరిగొచ్చాక ఆ పని ఎందుకొచ్చిందో వాళ్లకు చెప్పేవాళ్లుండరు. అలాంటి టికెట్ కదిలే ఆశ చాలా తక్కువ.

ఎవరి పేరూ ముందుకు రాకపోతే? అప్పుడు బలవంతంగా ఒకరికి అంటగట్టడం కంటే ఆ పనిని జాబితాలోంచి అక్కడికక్కడే తీసేయడం మంచిది. అది బృందానికి నిజంగా అంత ముఖ్యం కాదని తేలింది, అంతే. ముఖ్యమే అయితే వచ్చే రెట్రోలో మళ్లీ వస్తుంది, ఆసారి పేరుతో వస్తుంది.

గడువు విషయంలో చాలామంది 'వచ్చే రెట్రోలోపు' అని రాస్తారు. వినడానికి బాగుంటుంది గానీ పనిచేయదు. స్ప్రింట్ చివరి రెండు రోజులూ క్లయింటు పనులు ముగించే హడావిడిలో పోతాయి. రెట్రో పని ఆ హడావిడిలో మొదట పక్కకు పోయేది. అందుకని గడువు స్ప్రింట్ మధ్యలో పెట్టాలి. సోమవారం మొదలైన రెండు వారాల స్ప్రింట్ అయితే మొదటి వారం గురువారమో, రెండో వారం మంగళవారమో. ఆ రోజుకి కాకపోయినా దిద్దుకోవడానికి ఇంకా రోజులు మిగులుతాయి. ఇందులో మరో లాభం ఉంది. గడువు రోజు స్టాండప్‌లో ఆ టికెట్ గురించి అడగడం సహజంగా జరుగుతుంది, ఎవరూ ప్రత్యేకంగా గుర్తుచేయాల్సిన పని ఉండదు.

టికెట్ తెరిచినంత మాత్రాన పని బతుకుతుందనుకోవడం కూడా పొరపాటే. చేయాల్సినవన్నీ పేరుకునే జాబితాను బ్యాక్‌లాగ్ అంటారు. కొన్ని బృందాల్లో అందులో వందల టికెట్లు ఉంటాయి. దాని అడుగుకు చేరిన రెట్రో టికెట్, చీటీ మీద రాసిన మాట కంటే ఏమంత మెరుగ్గా ఉండదు. దాన్ని నేరుగా వచ్చే స్ప్రింట్‌లోకి తీసుకోవాలి. అంటే దానికి సమయం కేటాయించాలి. పదిమంది, పది పనిదినాలు, మొత్తం వంద మనిషి-రోజులు. పైన చెప్పిన డేటా పనికి రెండు రోజులు పడితే, బృందం తన సమయంలో వందకు రెండు వంతులు ఇస్తున్నట్టు. ఆ రెండు రోజులకు సరిపడా క్లయింటు పని ఒకటి వచ్చే విడతకు జరగాలి. ఈ మాట ప్లానింగ్ సమావేశంలో మేనేజర్‌కూ, క్లయింటు తరఫున ప్రాధాన్యాలు నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్‌కూ పైకి చెప్పాలి. చెప్పకుండా 'ఖాళీ దొరికినప్పుడు చేద్దాం' అనుకున్న పనికి ఆ ఖాళీ దొరకదు. వంద రోజుల పని ఒప్పుకున్న బృందం దగ్గర నూట రెండో రోజు లేదు.

ఈ లెక్క వేసుకోగానే ఇంకోటి కూడా స్పష్టమవుతుంది. ఏడు యాక్షన్ ఐటెమ్స్ ఒక స్ప్రింట్‌లో పట్టవు. ఒకటి చాలు. మరీ చిన్నవైతే రెండు. మిగిలిన ఐదారు విషయాలు రెట్రో నోట్సులో ఉంటాయి, అవి పనులు కావని అందరికీ తెలిసి ఉంటుంది. జాబితా పొడుగ్గా ఉంటే బాగా చర్చించామన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తి కోసమే చాలా రెట్రోలు పాడైపోతున్నాయి. రెండు వారాలకొక పని చొప్పున ఏడాదిలో ఇరవై ఆరు స్ప్రింట్లు. వాటిలో ఇరవై పూర్తయినా, ఆ బృందం ఏడాది చివర పనిచేసే తీరు మొదటి తీరులా ఉండదు.

రెట్రో పనులు మాయమవుతున్నాయో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ టికెట్లన్నిటికీ తెరిచేటప్పుడే `retro` అన్న లేబుల్ పెడితే చాలు. జిరాలో వెతికే చోట ఈ ఒక్క వరస రాస్తే, గడువు దాటినా ముగియని రెట్రో పనులు పాతవాటి నుంచి కొత్తవాటి వరకు వరసగా వస్తాయి:

```
labels = retro AND statusCategory != Done AND due < startOfDay() ORDER BY created ASC
```

ఇందులో ఒకటి రెండు కనబడితే మామూలే. పది కనబడితే, వాటిలో మూడు నెలల కిందటివి ఉంటే, ఆ బృందం కొత్త రెట్రో పెట్టే ముందు పాత జాబితాను తేల్చుకోవాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. కిందటి మూడు రెట్రోల నోట్సు పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే ఫిర్యాదు వేర్వేరు మాటల్లో మూడుసార్లూ కనబడుతుందా? కనబడితే ఆ విషయం మీద తీసుకున్న చర్య ఎక్కడో పోయింది, లేదా చర్య జరిగినా ఫలితం రాలేదు. ఈ రెండిటికీ తేడా ఉంది. డేటా తెచ్చి టికెట్ మూసేసినా వాపసు ఆర్డర్ల తప్పులు ఇంకా బయటికి వెళ్తుంటే, పని అయింది గానీ చిక్కు తీరలేదన్నమాట. అప్పుడు పాత టికెట్‌ను తిరిగి తెరవకుండా, కొత్త కారణం వెతికి కొత్త టికెట్ రాయాలి.

కొత్త రెట్రో మొదటి ఐదు నిమిషాలు పాత పనికే ఇవ్వాలి. చీటీలు తీయక ముందే ఆ టికెట్‌ను తెర మీద పెట్టి ఓనర్‌ను అడగాలి. జవాబు మూడు రకాల్లో ఒకటి అయి ఉంటుంది. అయింది, టెస్టర్ నడిపి చూశారు. లేదా కాలేదు, ఫలానా చోట ఆగింది, కొత్త గడువు ఇది. లేదా ఇక చేయం, కారణం ఇది. మూడో జవాబుకు భయపడనక్కర్లేదు. సర్వర్‌నే మారుస్తున్నప్పుడు పాత సర్వర్ డేటా పని మానేయడం సరైన నిర్ణయమే. దాన్ని కారణంతో సహా టికెట్‌లో రాసి మూసేస్తే, ఆరు నెలల తర్వాత చేరిన కొత్త ఉద్యోగి అదే సలహా ఇచ్చినప్పుడు చూపించడానికి ఉంటుంది. ప్రమాదం రెండో జవాబుతోనే. ఒకసారి గడువు జరిపితే అర్థం చేసుకోవచ్చు. రెండోసారి జరుపుతుంటే పని పెద్దదైనా అయి ఉండాలి, ఓనర్‌కు దాన్ని కదిలించే అధికారమైనా లేకపోవాలి. మూడోసారికి వెళ్లనివ్వకుండా దాన్ని ముక్కలు చేయడమో, ఓనర్‌ను మార్చడమో చేయాలి.

ఈ ఐదు నిమిషాల్లో అడిగే తీరు కూడా చూసుకోవాలి. ఓనర్ పేరు పెట్టడం పని ఎక్కడుందో తెలుసుకోవడానికి. అది నిలదీతగా మారితే వచ్చే రెట్రోలో 'నేను చూసుకుంటా' అనే గొంతు వినబడదు. గిట్‌ల్యాబ్ నివేదిక ఆ ఇంజనీరును దోషిగా నిలబెట్టలేదు. ఆయన పేరు బదులు 'టీమ్-మెంబర్-1' అని రాశారు. పొరపాటు చేసిన మనిషి పేరు దాచి, దిద్దుబాటు పనికి మాత్రం ఓనర్‌ను వెతకడం వాళ్లు చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇంత చేసినా కొన్ని పనులు బృందం చేతిలో ఉండవు. క్లయింటు మార్పులు గురువారం దాకా రాకపోవడం బృందంలోని ఏ ఒక్కరూ సరిచేయగలిగేది కాదు. టెస్ట్ సర్వర్‌ను వేరే విభాగం చూస్తుంటే దాన్ని వీళ్లు మరమ్మతు చేయలేరు. ఇలాంటి వాటిని 'మన చేతిలో లేదు' అని వదిలేస్తే అవి ప్రతి రెట్రోలోనూ తిరిగొస్తాయి. 'సర్వర్ బాగుచేయించాలి' అని రాస్తే ఓనర్ తన వల్ల కాని పనికి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇక్కడ పనిని వేరేగా కోయాలి. ఓనర్ చేయగలిగింది, సర్వర్ కిందటి రెండు వారాల్లో ఎన్నిసార్లు ఆగిందో, ఒక్కోసారి ఎంతసేపు ఆగిందో తారీఖులతో సహా పట్టిక వేసి, ఆ విభాగం ట్రాకర్‌లో టికెట్ తెరిచి, దాన్ని వాళ్లు ఒప్పుకుని తమలో ఒకరి పేరు పెట్టేదాకా వెంటపడటం. అవతలి టికెట్ నంబరు ఇవతలి టికెట్‌లో చేరి, అక్కడ ఒక మనిషి పేరు కనబడిన రోజున ఈ పని ముగిసినట్టు. వారం దాటినా అక్కడ పేరు కనబడకపోతే, పట్టికతో సహా ఆ టికెట్‌ను రెండు విభాగాలకూ పైనున్న మేనేజర్ ముందు పెట్టాలి. ఆ పని ఎవరు చేస్తారో, ఏ రోజు చేస్తారో కూడా మొదటి రెట్రోలోనే టికెట్‌లో రాసుకోవచ్చు.